మొదటి డబ్బా విప్పిన మీకు

పెద్దపల్లి నుంచి మాట్లాడుతున్నాను. జొన్నలు, సజ్జలతో సకినాలు, మురుకులు, చెక్కలు చేసి నెలనెలా ఇళ్ళకు డబ్బాలు పంపే చిన్న పని మాది. ఏడాది కింద మా వంటింట్లో మొదలైంది. ఈ బతుకమ్మ పండుగ ముందు మా సరుకు మొదటిసారి దుకాణాల్లోకి వెళ్తోంది. అంతకన్నా ముందు, ఏ పేరూ లేని రోజుల్లోనే మమ్మల్ని నమ్మి చందా కట్టినవాళ్ళకు ఒక ఉత్తరం రాశాను. వాళ్ళలో చాలామంది పెద్దవయసు వాళ్ళు. "కండ్లు కనపడక చదవలేను బిడ్డా, చెప్తే వింటా" అన్న అవ్వలున్నారు. అందుకే ఆ ఉత్తరాన్ని ఈ పూట రేడియోలో చదువుతున్నాను. మా డబ్బాలు ఎన్నడూ చూడని శ్రోతలకూ పనికొచ్చే సంగతి ఇందులో ఉంది. సజ్జపిండి ఇంట్లో ఎందుకు చేదెక్కుతుంది, దాన్ని ఎట్లా ఆపాలి అన్నదే ఆ సంగతి.

అక్కలకు, అన్నలకు, అవ్వలకు, బాపులకు దండాలు.

రెండో నెల డబ్బా మీకు గుర్తుండే ఉంటుంది. అందులో జొన్న సకినాలతో పాటు సజ్జ మురుకులు పంపాం. డబ్బాలు చేరిన వారం లోపలే ఫోన్లు మొదలయ్యాయి. మురుకులు చేదుగా ఉన్నాయన్నారు. ఆ నెల నేను సరిగ్గా నిద్రపోలేదు. నూనె మంచిది వాడాం. పొయ్యి దగ్గర మా అవ్వ తానే కూర్చుంది. ప్యాకెట్లు అతికించే యంత్రం కొత్తది. తప్పు ఎక్కడ జరిగిందో దొరకలేదు. ప్యాకెట్ లోపలికి గాలి పోయి నూనె ముక్కిందేమో అనుకుని, ప్యాకెట్ల కవరు మార్చడానికి సిద్ధమయ్యాం.

ఆ తొవ్వలో పోకుండా ఆపింది గోదావరిఖని నుంచి వచ్చిన ఒక పోస్టుకార్డు. బొగ్గుబావిలో పనిచేసి రిటైరైన పెద్దాయన రాశారు. ఆయన పేరు చెప్పడం లేదు, వింటుంటే ఆయనకే తెలుస్తుంది. కార్డు మీద నాలుగు వరుసలే ఉన్నాయి. ప్యాకెట్ విప్పంగనే ఏ వాసనా రాలేదట. నమిలినప్పుడు కరకర బాగానే ఉందట. మింగినంక మాత్రం నాలుక వెనకాల చేదు తేలిందట. ఇంకొక మాట కూడా రాశారు. ఒక ప్యాకెట్ వచ్చిన రోజే విప్పారు, రెండోది మూడు వారాలు దాచి విప్పారు. రెండింటిలోనూ చేదు ఒక్కతీరుగానే ఉంది.

ఆ రెండు ముక్కల్లోనే జవాబు ఉంది. నూనె వంటలు చెడిపోయే దారులు ముఖ్యంగా రెండు. మొదటిది గాలితో వచ్చేది. వేయించిన సరుకులోని నూనెను గాలి, వెలుతురు తాకుతుంటే అది ముక్కుతుంది. ప్యాకెట్ విప్పంగనే పాత నూనె వాసన ముక్కుకు కొడుతుంది, నిల్వ ఉన్నకొద్దీ ఎక్కువవుతుంది. రెండోది పిండిలోనే పుట్టేది. గింజలో ఉన్న నూనెను గింజలోనే ఉన్న ఒక ఎంజైము విడగొడుతుంది. దీనికి గాలి అక్కర్లేదు, కొద్దిపాటి తేమ చాలు. మొదట్లో వాసన పెద్దగా రాదు, చేదు వస్తుంది. మా మురుకుల్లో వాసన లేదు, చేదు ఉంది, మూడు వారాలైనా ఆ చేదు పెరగలేదు. అంటే అది ప్యాకెట్‌లో పుట్టింది కాదు. ప్యాకెట్‌లోకి పోయేసరికే ఉంది.

హైదరాబాద్‌లో ఒక ల్యాబుకు నమూనా పంపి రెండు పరీక్షలు చేయించాం. గాలికి నూనె ఎంత చెడిందో చెప్పే పెరాక్సైడ్ విలువ మామూలుగానే ఉంది. నూనె ఎంత విడిపోయిందో చెప్పే ఆమ్ల విలువ మాత్రం బాగా పెరిగి ఉంది. పోస్టుకార్డులో పెద్దాయన నాలుకతో చెప్పింది ల్యాబు కాగితం అంకెలతో చెప్పింది.

అప్పుడు మా నోటుబుక్కు తీసి తేదీలు చూశాం. ఆ సజ్జలను గిర్నిలో పట్టించింది ఒక సోమవారం. మర్నాడే మురుకులు పోయాలి. ఆ వారం మా చుట్టాల ఇంట పెండ్లి వచ్చి, మురుకులు పోసే అక్కలందరూ అక్కడికి పోయారు. పిండి సంచులు మూతి కట్టి మూలకు పెట్టాం. పొయ్యి వెలిగించేసరికి తొమ్మిదో రోజు. శ్రావణం ముసురు, గాలి నిండా తేమ. బియ్యప్పిండి అయితే తొమ్మిది రోజులకు ఏమీ కాదు. ఆ ధైర్యంతోనే సజ్జపిండిని కూడా అట్లాగే ఉంచాం.

తేడా గింజలో ఉంది. సకినాలకు మనం వాడేది మిల్లులో తెల్లగా చేసిన బియ్యం. తవుడు, మొలక మిల్లులోనే పోతాయి, నూనె నూటికి ఒక పాలు కూడా మిగలదు. సజ్జ గింజ అట్లా కాదు. గింజ చిన్నది, మొలక పెద్దది. నూనె నూటికి అయిదు పాళ్ళ దాకా ఉంటుంది, ఎక్కువ భాగం ఆ మొలకలోనే. జొన్నలో అది మూడు పాళ్ళ దగ్గర ఉంటుంది. గింజ గింజలాగా ఉన్నంతకాలం నూనె, ఎంజైము వేరు వేరు గదుల్లో ఉన్నట్టు ఉంటాయి. అందుకే సజ్జలు గింజగా నెలలకొద్దీ నిలుస్తాయి. గిర్నిలో పడి నలిగినప్పుడు ఆ గోడలు కూలిపోతాయి, రెండూ కలుస్తాయి. ఇక రోజులు లెక్కపెట్టుకోవాల్సిందే. వానాకాలంలో నాలుగైదు రోజులకే నాలుకకు తెలుస్తుంది.

మురుకును కాగే నూనెలో వేసినప్పుడు ఆ ఎంజైము చచ్చిపోతుంది. కాని అప్పటికే పుట్టిన చేదు ఎక్కడికీ పోదు. మేము తొమ్మిది రోజుల చేదును కరకరలాడేలా వేయించి, అందమైన ప్యాకెట్‌లో పెట్టి మీకు పంపాం. ఆ తప్పు మాది. ఆ నెల డబ్బులు తిరిగి ఇస్తామంటే మీలో చాలామంది తీసుకోలేదు. ఆ డబ్బుతోనే గింజలు ఆరబెట్టే యంత్రం కొన్నాం. ఈ ఉత్తరంలో నేను చెప్పాలనుకున్న మొదటి కృతజ్ఞత అదే.

2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా ఐక్యరాజ్యసమితి ప్రకటించాక మన దగ్గర కూడా సజ్జపిండి, కొర్రపిండి ప్యాకెట్లు దుకాణాల్లో వరసగా కనబడ్డాయి. ఎంతో ఇష్టంతో కొన్న అక్కలు ఒకటి రెండు రొట్టెలు చేసి, చేదుగా ఉందని పక్కన పెట్టేశారు. సజ్జ అంటేనే చేదని వాళ్ళకు పేరు పడిపోయింది. నాకు అది చాలా బాధ. ఆ పేరు గింజ మీద పడరాదు, పట్టించిన తేదీ మీద పడాలి.

ఆ చేదును ఆపే దారి మా ఇంట్లోనే దొరికింది. సద్దుల బతుకమ్మకు మన కరీంనగర్ వైపు సత్తుపిండి చేస్తాం. మక్కలో, పెసర్లో, నువ్వులో ఏవైనా సరే, ముందు మంగలంలో వేయించి ఆ తర్వాతే పట్టిస్తాం. మా అవ్వను అడిగాను, పచ్చిగా పట్టించి తర్వాత వేయిస్తే ఏమవుతుందని. "నిలువ ఉండదు బిడ్డా, వారానికే చేదెక్కుతది" అంది. అవ్వకు ఎంజైము సంగతి తెలియదు. వరస మాత్రం తెలుసు: ముందు వేడి, తర్వాత గిర్ని. వేడి తగిలితే గింజ లోపలే ఎంజైము చస్తుంది, ఇక నూనెను విడగొట్టేది ఉండదు.

అయితే సజ్జలను సత్తుపిండికి వేయించినట్టు ఎర్రగా వేయిస్తే మురుకులకు కుదరదు. పిండి సాగదు, గొట్టంలోంచి ముక్కలు ముక్కలుగా పడుతుంది. అందుకని ఇంకొక పద్ధతి పట్టుకున్నాం. మరిగే నీళ్ళలో గింజలను అర నిమిషం పాటు ముంచి తీయడం. సజ్జలకు ఈ పద్ధతి శాస్త్రవేత్తలు ముందే పరీక్షించి రాసిపెట్టిందే. చెప్పినంత తేలిగ్గా మాకు రాలేదు. మొదటిసారి ఇరవై లీటర్ల గంజులో పది కిలోల సజ్జలు ఒకేసారి ముంచాం. మరుగు ఆగిపోయింది. నీళ్ళు చల్లబడ్డాయి, గింజ లోపలికి వేడి చాలలేదు. ఆ పిండి వారం దాటాక మళ్ళీ చేదెక్కింది. తర్వాత లెక్క మార్చాం. ఇరవై లీటర్లకు నాలుగు కిలోలు, అంటే గింజకు అయిదింతల నీళ్ళు. పలచటి బట్టలో మూట కట్టి ముంచుతాం, మూటను కర్రతో తిప్పుతూ ఉంటాం, మరుగు ఆగకుండా చూస్తాం. తీసి నీళ్ళు వడిసిన వెంటనే పలచగా పరిచి ఆరబెట్టాలి. ఆలస్యమైతే బూజు పడుతుంది. ఎండాకాలం డాబా మీద ఒక్క రోజు చాలు. ముసురుకు మీరు కొనిపెట్టిన యంత్రమే దిక్కు. గింజను పండ్ల మధ్య పెట్టి కొరికితే చటుక్కున పగలాలి. మెత్తగా నలిగితే ఇంకా ఆరాలి.

ఎంజైము చచ్చిందో లేదో మాకు తెలిసేది ఎట్లా అంటే, ప్రతి విడతలోనూ ఒక గుప్పెడు పిండిని సీసాలో పోసి పొయ్యి పక్కన వెచ్చగా ఉండే అరలో పెడతాం. రోజూ చిటికెడు పచ్చిపిండిని నాలుక మీద వేసుకుని, నమిలి, మింగి, అర నిమిషం ఆగుతాం. ఆ అర నిమిషం ముఖ్యం. చేదు వెంటనే తేలదు. నీళ్ళలో ముంచని సజ్జల పిండి అయిదో రోజుకు బయటపడింది. ముంచినది నెల దాటినా కమ్మగానే ఉంది. ఇంట్లో సజ్జపిండి వాడేవాళ్ళు ఎవరైనా ఈ పరీక్ష చేసుకోవచ్చు. ఇంత కష్టం ఎందుకనుకుంటే, గింజలుగా కొని పెట్టుకుని మూడు రోజులకు సరిపోయేంతే పట్టించుకోండి. గటకకూ రొట్టెకూ మన పెద్దలు కొద్దికొద్దిగానే విసురుకునేవాళ్ళు.

దీనితో పోగొట్టుకున్నదీ ఒకటి ఉంది. ముంచిన సజ్జల పిండి కొంచెం ముదురు రంగులో ఉంటుంది, మురుకు కూడా కాస్త నల్లబడుతుంది. రంగు బాగుండాలని సజ్జలను పాలిష్ పట్టించమని సలహా ఇచ్చినవాళ్ళున్నారు. పాలిష్ పట్టిస్తే మొలకతో పాటు మనం కోరుకునే మంచి కూడా పోతుంది. రంగును అట్లాగే ఉండనిచ్చాం. డబ్బాలో నల్లటి మురుకులు చూసి మాడిపోయాయని అనుకోవద్దు.

ఇక సకినాల సంగతి. మీలో ఎక్కువ మంది అడిగింది దీని గురించే. ఉత్త జొన్నపిండితో సకినం ఎందుకు చేయరని. కరీంనగర్, పెద్దపల్లి ఇండ్లల్లో సంక్రాంతికి సకినాలు పోయని ఇల్లు ఉండదు కాబట్టి పద్ధతి మీకు తెలిసిందే. బియ్యం రాత్రంతా నానబెట్టి, వడగట్టి, తడిగా ఉండగానే పట్టించి, నువ్వులు, వాము, ఉప్పు కలిపి, బట్ట మీద చేతితో తిప్పుతూ మూడు నాలుగు చుట్లు పోస్తాం. బట్ట తడి పీల్చుకున్నాక నూనెలో వేస్తాం. చుట్టు తెగకుండా రావాలంటే పిండికి జిగురు కావాలి. జొన్నకు గోధుమలో లాంటి సాగే గుణం లేదు, తడి బియ్యప్పిండిలా వేలికి అంటుకుని జారదు కూడా. మొదట్లో బట్ట మీదనే చుట్లు పగిలిపోయేవి.

దానికి జవాబు జొన్నరొట్టె దగ్గర దొరికింది. రొట్టెకు ఉడుకునీళ్ళు పోసి పిండి తడుపుతాం కదా. ఉడుకునీళ్ళు తగిలినప్పుడు జొన్నలోని గంజి ఉబ్బి జిగురుగా మారుతుంది. అదే చేశాం. జొన్నపిండిలో నాలుగో వంతు తీసి మరిగే నీళ్ళలో కలియబెట్టి ముద్ద చేసి, అది గోరువెచ్చగా అయినంక మిగిలిన పిండిలో కలిపి పిసికాం. చుట్టు నిలిచింది. నాలుగో వంతు దాటిస్తే మాత్రం సకినం నూనెలో గట్టిపడి, పండ్లకు రాయిలా తగులుతుంది. తగ్గిస్తే విరుగుతుంది. ఇంత చేసినా ఉత్త జొన్నతో పోసింది పార్సిల్‌లో నిలవలేదు, గోదావరిఖని చేరేసరికే సగం నలిగింది. అందుకని ఇప్పటికీ మా సకినాల్లో మూడో వంతు తడి బియ్యప్పిండి ఉంది. డబ్బా మీద అట్లాగే రాశాం. ఉత్త జొన్న సకినం అని రాసే రోజు వచ్చేదాకా రాయం.

జొన్నలు మాకు ఆదిలాబాద్ నల్లరేగడి నుంచి వస్తాయి, యాసంగి పంట. పెద్దపల్లిలోనే ఎందుకు కొనరని కొందరు అడిగారు. శ్రీరాంసాగర్ కాలువ నీళ్ళు వచ్చినప్పటి నుంచి ఇక్కడి చేలు వరి పొలాలయ్యాయి. సుల్తానాబాద్, పెద్దపల్లి తోవ పొడుగునా రైసు మిల్లులే కనిపిస్తాయి. ఇన్ని మిల్లులున్న చోట కొర్రల పొట్టు తీసే మిషను నాకు దగ్గరలో దొరకలేదు. వడ్ల మిషనులో కొర్రలు పోస్తే నూకగా పోతాయి, లేదా పొట్టుతోనే బయటికి వస్తాయి. కొర్రల చెక్కలు మీరు అడిగి ఆర్నెల్లయింది. ఆలస్యానికి కారణం అదొక్కటే. పొట్టు తీసే మిషనుకు బయానా ఇచ్చాం. అది వచ్చి, కుదిరినంకనే కొర్రల మాట.

ఇప్పుడు కొత్త రుచులు. అన్నీ చెప్పను, డబ్బా విప్పినప్పటి సంతోషం మీకు ఉండాలి. కొంచెమే చెప్తాను.

ఒకటి పుంటికూర కారం సకినం. నీడకు ఆరబెట్టిన పుంటికూర ఆకు, ఎండుమిరప, ఎల్లిగడ్డ, ఉప్పు. రుచి మొదటి రోజే కుదిరింది. కరకర కుదరడానికి రెండు నెలలు పట్టింది. పుంటికూర పులుపు, ఉప్పు రెండూ గాలిలోని తేమను లాక్కుంటాయి. ఆ పొడి చల్లిన సకినం మర్నాటికి మెత్తబడిపోయేది. ఇప్పుడు ఆకుపొడిని సన్న సెగ మీద ఒకసారి వేడి చేసి, వేయించిన నువ్వుల పొడితో కలుపుతున్నాం. నువ్వుల నూనె ఆ పొడికి పూతలా పట్టి తేమను కొంత ఆపుతుంది. సకినం నూనెలోంచి తీసిన రెండు నిమిషాల లోపలే, అది వేడి మీద ఉండగానే చల్లాలి. చల్లారినంక చల్లితే పొడి అంటదు, డబ్బా అడుగున రాలుతుంది. ఇంత చేసినా, మామూలు సకినాలు రెండు నెలలు ఉంటే ఇవి నెల రోజులే. విప్పిన తర్వాత రెండు రోజుల్లో తినేయండి.

రెండోది మలీద ముద్ద. బతుకమ్మ వాయనంలో పెట్టే మలీదనే, సజ్జరొట్టెతో. రొట్టెను వేడి మీద నలిపి, బెల్లం, పల్లీలు వేసి ముద్ద కడతాం. బెల్లంలో తేమ ఉంటుంది కాబట్టి ఇది వారానికి మించి నిలవదు. నిలవడానికి ఏదో ఒక పొడి కలపమన్నారు, మేము ఒప్పుకోలేదు. అందుకే మలీద దుకాణాలకు పోదు. సద్దులకు ముందు, చందాదారులైన మీకు మాత్రమే, ఏడాదికి ఒక్కసారి.

మూడోదాని పేరు చెప్పను. ఎండాకాలం తెల్లవారుజామున ఆదిలాబాద్ అడవిలో చెట్టు కింద రాలిన పువ్వును ఏరుకుంటారు. ఉట్నూరు వైపు ఆదివాసీ అక్కలు దానితో లడ్డూలు చేస్తారు. తెలిసినవాళ్ళకు ఈపాటికి తెలిసిపోయి ఉంటుంది. దానిలో తీపి ఎంత ఎక్కువంటే నూనెలో వేయంగనే మాడుతుంది. వేయించకుండా సన్న వేడి మీద కాల్చి చూస్తున్నాం. ఇప్పటికి ఆరు విడతలు చేశాం, అయిదు పారేశాం. ఆరోది మా అవ్వ రెండోసారి అడిగి తీసుకుంది.

దుకాణాలకు వెళ్ళే ప్యాకెట్ మీద వేయించిన తేదీ ఒక్కటే ఉంటే చాలని అచ్చు వేసేవాళ్ళు అన్నారు. మేము రెండు తేదీలు వేయిస్తున్నాం. పైన పట్టించిన తేదీ, కింద వేయించిన తేదీ. రెండింటి మధ్య మూడు రోజులకు మించి ఉంటే ఆ ప్యాకెట్ వెనక్కి పంపండి, డబ్బులు ఇచ్చేస్తాం. ఆ పైతేదీ మా ప్యాకెట్ మీదికి వచ్చింది గోదావరిఖని పోస్టుకార్డు వల్ల.

ఈ నెల డబ్బాలు వచ్చే గురువారం పెద్దపల్లి బస్టాండు నుంచి ఆర్టీసీ కార్గోలో బయలుదేరుతాయి. మంథని, గోదావరిఖని, కరీంనగర్ వాళ్ళకు శుక్రవారం, ఆదిలాబాద్, నిర్మల్ వాళ్ళకు శనివారం అందుతాయి. సకినాలు పైన, మురుకులు కింద సర్దాం. డబ్బా తలకిందులు చేయకుండా విప్పండి. లోపల ఒక ఖాళీ పోస్టుకార్డు కూడా పెట్టాం, మా చిరునామా రాసి.